ఓనరు చెప్పే 690 చదరపు అడుగుల కార్పెట్ ఏరియాలో బాల్కనీ కలిసిందో లేదో ఫ్లోర్ ప్లాన్ చూసి ఎలా పట్టుకోవాలి?

ఆఫీసు కోసం చూసిన మొదటి ఫ్లాట్ సూపర్ బిల్టప్ 1,000 చదరపు అడుగులు, అడుగుకు రూ. 30. మెయింటెనెన్స్ రూ. 4 కూడా ఆ వెయ్యి మీదే, అంటే నెలకు రూ. 34,000. టేపు పట్టి గది గదికీ కొలిస్తే 640 వచ్చింది. లోపలి గోడల మందం 20 కలిపితే రెరా లెక్కన కార్పెట్ 660. బాల్కనీ అందులో రాదు కాబట్టి వదిలేశాను. అసలు అద్దె అడుగుకు రూ. 51.50 పడుతోంది!

రెండోది అన్నీ కలిపి అంతే అద్దె. ఓనరు కార్పెట్ 690 అంటున్నారు, అంటే రూ. 49.30. బాల్కనీ 40 అందులో కలిపేసి ఉంటే మాత్రం 650కి పడిపోయి, రూ. 52.30 అవుతుంది. తాళం ఊళ్లో లేదట, కొలవనివ్వలేదు. బ్రోకర్‌ని రెండుసార్లు అడిగినా "కార్పెటే సార్" అన్నాడు తప్ప ఇంకేం చెప్పలేదు. చేతిలో ఉన్నది గదుల కొలతలున్న ఫ్లోర్ ప్లాన్ ఒక్కటే.

దాన్నుంచి 690లో బాల్కనీ ఉందో లేదో తేల్చే పద్ధతి ఏమిటి?