"పరామర్శించెను" అని ఉంటే పిల్ల ఏమని అర్థం చేసుకోవాలి?

నల్లగొండ టీచరమ్మ:
అందరికీ నమస్కారం. తొమ్మిదో తరగతి నీతిబోధ పేపర్లు దిద్దుతూ ఒక మాట దగ్గర ఆగిపోయాను. లూకా సువార్త 10వ అధ్యాయంలోని మంచి సమరయుడి ఉపమానంలో కొన్ని వాక్యాలిచ్చి 6 మార్కుల ప్రశ్న అడిగాం. అర్థానికి 2, సందర్భానికి 2, అన్వయానికి 2. దొంగలు కొట్టి పడేసిన మనిషిని సమరయుడు పూటకూళ్లవాని ఇంటికి తీసుకుపోయి "పరామర్శించెను" అని అందులో ఉంది. ఒక పిల్ల ఇలా రాసింది: "సమరయుడు గాయపడినవానిని పలకరించి, ధైర్యం చెప్పి వెళ్లెను. మనం కూడా పక్కింటివారికి జ్వరం వస్తే పండ్లు తీసుకొని పోయి చూడాలి." అర్థానికి ఎన్ని మార్కులు వేయాలి?

పాలమూరు విలేకరి:
2కి 2 వేయండి మేడం. పరామర్శ అంటే ఓదార్పే. "బాధితులను పరామర్శించారు" అని మేం రోజూ రాస్తాం. పాత అనువాదంలోనే మాట సరిగా పడలేదు.

దేవరకొండ పంతులు (రిటైర్డ్):
తమ్ముడూ, ఈరోజు వాడుక గురించి మీరు చెప్పింది నిజమే. అనువాదాన్ని మాత్రం తప్పు పట్టలేం. సంస్కృతంలో పరామర్శకు మూలం తాకడం, చేత పట్టుకోవడం. దాని నుంచే ఆలోచించడం, విచారించడం అనే అర్థాలు వచ్చాయి. చూసి పలకరించి రావడమనే అర్థం మన పేపర్లలో స్థిరపడింది.

అయినా పిల్లకు నిఘంటువుతో పని లేదు. ఇచ్చిన భాగంలోనే ఆధారం ఉంది. మరునాడు సమరయుడు రెండు దేనారాలు తీసి ఇచ్చి, "ఇతని పరామర్శించుము, నీవింకేమైనను ఖర్చు చేసినయెడల" తిరిగి వచ్చినప్పుడు తీరుస్తానంటాడు. పలకరింపుకైతే ఖర్చెందుకు? దేనారం ఆ రోజుల్లో కూలివాడి ఒక రోజు కూలి. అంటే రెండు రోజుల కూలి ముందే చేతిలో పెట్టి, మిగతాది బాకీ ఒప్పుకున్నాడు. ఇక్కడ పరామర్శ అంటే తిండి, కట్టు, పడక అన్నీ చూసుకోవడం. పైగా "మరునాడు" అని ఉంది కాబట్టి ఆ రాత్రి అక్కడే ఉన్నాడు. "వెళ్లెను" అని రాసిన పిల్ల ఆ మాటను చూడలేదు.

కొల్లాపూర్ అక్క:
మా ఇంట్లో దీన్ని "అర్సుకొనుడు" అంటం సార్. మా నాయిన బైకు మీదికెళ్లి పడ్డప్పుడు ఎవరో లారీ డ్రైవరు దవాఖానకు తీస్కపోయి, మేం చేరేదాకా బెంచీ మీదనే కూసున్నడు. మందుల చీటీ ఆయన జేబులనే ఉండె. పేరు అడిగేలోపే పోయిండు. ఈ కథ చదివినప్పుడల్లా ఆయనే గుర్తొస్తడు. పిల్ల ఇట్లాంటిది రాస్తే అన్వయానికి 2 వస్తయా?

దేవరకొండ పంతులు:
అమ్మా, ఆయనకు దండం పెట్టాలి. కానీ నేనైతే 1 వేస్తాను. ప్రశ్న అన్వయం అడిగినప్పుడు సందర్భం అందులోకి రావాలి. ధర్మశాస్త్రోపదేశకుడు "నా పొరుగువాడెవడు" అని అడిగాడు. అంటే ఎవరి దాకా ప్రేమించాలి, గీత ఎక్కడ గీయాలి అని. యేసు చివర్లో ఆ ప్రశ్ననే తిప్పి, గాయపడినవాణ్ణి చూసి తప్పుకుపోయిన ఇద్దరు, ఆదుకున్న సమరయుడు, ఈ ముగ్గురిలో ఎవడు పొరుగువాడయ్యాడని అడిగాడు. పొరుగు అనేది ఇంటి పక్క చోటు కాదని, మనిషి చేసే పని అని అక్కడ తేలింది. పైగా ఆదుకున్నవాడు సమరయుడు. యూదులు, సమరయులు ఒకరితో ఒకరు కలిసేవారు కారు. ఆ వైరం లేని ఉదాహరణ ఏదిచ్చినా ముసలమ్మను రోడ్డు దాటించడం లాగే ఉంటుంది. మంచి పనే, కానీ ఈ కథ అడిగేది వేరు.

కొల్లాపూర్ అక్క:
ఆ డ్రైవరు ఏ కులమో, ఏ ఊరో మాకు తెల్వదు కద సార్. వైరం లేదని మీరెట్ల చెప్తరు?

పాలమూరు విలేకరి:
అక్క మాటలో బలం ఉంది. అయినా పంతులుగారు చెప్పింది నాకు అర్థమైంది. గెట్టు పంచాయితీ పెట్టుకుని రెండేళ్లుగా మాటల్లేని ఇంటి పెద్దాయన పొలంలో పడిపోతే, మనమే ఆటో పిలిచి దవాఖానలో రాత్రంతా కూర్చోవడం. ఇట్లా రాస్తే 2 వస్తాయి కదా?

దేవరకొండ పంతులు:
వస్తాయి. "ఆటో కిరాయి కూడా మనమే ఇచ్చి" అని కలిపితే, ఆ దేనారాలు పిల్ల మనసుకు ఎక్కాయని తెలుస్తుంది.

నల్లగొండ టీచరమ్మ:
ఆ పిల్లను పిలిచి, "మరునాడు", "ఖర్చు" అన్న రెండు మాటల కింద గీత గీయమన్నాను. పెన్ను ఎత్తకుండా కాసేపు చూసి, "అయితే ఆయన పోలేదా టీచర్?" అంది. అర్థానికి 1 వేశాను, గాయపడినవాని మీద జాలిని పట్టుకుంది కాబట్టి. సందర్భానికి సున్నా, సమరయుడెవరో ఒక్క ముక్క రాయలేదు. అన్వయానికి 1.

వచ్చేసారి పేపర్లో "పరామర్శించెను" కింద అర్థం ఇవ్వాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు. ఇస్తే పిల్ల వెతకదు. ఇవ్వకపోతే, రోజూ పేపర్లో చూసే మాటే పిల్లను దారి తప్పిస్తుంది. "ద్రాక్షారసము" ఇంకా ఉంది. అది వైన్ అని తెలియక, గాయానికి జ్యూస్ పోశాడని ముగ్గురు రాశారు.

పాలమూరు విలేకరి:
ద్రాక్షారసానికి మాత్రం అర్థం ఇచ్చేయండి మేడం. అది ఆ వాక్యాల్లో వెతికినా దొరకదు.