భుజాలు ముందుకు వంగిపోతున్నాయి: రోయింగ్ పెంచాలా, బెంచ్ తగ్గించాలా?

బెంచ్_బాబు: నాకు 27 ఏళ్లు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మూడేళ్లుగా జిమ్ చేస్తున్నాను. బెంచ్ 95 కిలోలు వచ్చింది, 100 కొట్టాలని ఉంది. మొన్న చెల్లెలి పెళ్లి ఫోటోల్లో పక్కనుంచి చూసుకుంటే భుజాలు ముందుకు పడిపోయి ఉన్నాయి. నొప్పి మాత్రం లేదు. వారానికి బెంచ్ 12 సెట్లు, ఇంక్లైన్ 6, ఓవర్‌హెడ్ ప్రెస్ 5, డిప్స్ 4 చేస్తాను. వీపుకి పుల్‌డౌన్ 9, దగ్గర పట్టుతో కేబుల్ రోయింగ్ 4. ఇంకెన్ని వీపు సెట్లు కలిపితే సరిపోతుంది?

వరంగల్_వాసు: సింపుల్ తమ్ముడూ. ఒక సెట్ తోస్తే రెండు సెట్లు లాగాలి. నువ్వు 27 తోసి 13 లాగుతున్నావు, లెక్క తిరగబడింది. నేను ఆరేళ్ల క్రితం ఈ రెండింతల లెక్కలోకి వచ్చాను, భుజం నొప్పి పోయింది, నిలబడే తీరు కూడా మారింది. బెంచ్‌ని ముట్టుకోవద్దు, లాగుడు పెంచు.

గోదారి_గట్టు: నాక్కూడా డెడ్‌లిఫ్ట్ తర్వాత నడుము పట్టేస్తోంది అన్నా. బెల్టు కట్టుకుంటే నయమవుతుందా?

సుజాత_కాకినాడ: గట్టు గారూ, ఇక్కడ అడిగింది భుజాల గురించి. మీ నడుము సంగతి వేరే థ్రెడ్‌లో పెట్టండి, అక్కడ మాట్లాడదాం.

పాత_కోచ్: వాసు గారూ, 27కి రెండింతలంటే వారానికి 54 సెట్లు. ఉద్యోగం చేసుకునే కుర్రాడు అన్ని ఎప్పుడు చేస్తాడు, చేసినా ఎప్పుడు కోలుకుంటాడు? అదలా ఉంచుదాం. అసలు ‘లాగడం’ అంతా ఒకటే అనుకోవడంలోనే పొరపాటుంది. పుల్‌డౌన్‌లో ఎక్కువ పని చేసేది వీపు పక్కల ఉండే ల్యాట్స్. అవి చేతి ఎముకకి ముందువైపు అతుక్కుని ఉంటాయి. చేతిని కిందికి లాగుతాయి, దాంతో పాటు లోపలికీ తిప్పుతాయి. ఛాతీ కండరం కూడా చేతిని లోపలికే తిప్పుతుంది. పుల్‌డౌన్ చెడ్డదని నేననను, కానీ బెంచ్‌కి ఎదురుగా తూచడానికి అది సరైన రాయి కాదు. బాబు చేస్తున్న దగ్గర పట్టు రోయింగ్‌లో కూడా మోచేతులు పక్కటెముకలకి రాసుకుంటూ పోతాయి. అక్కడా చాలా పని ల్యాట్స్‌దే. అంటే వెనుక భుజానికీ, రెండు రెక్క ఎముకల మధ్య ఉన్న కండరాలకీ ఈ కుర్రాడి వారంలో నేరుగా దక్కుతున్న సెట్లు చాలా తక్కువ.

వరంగల్_వాసు: పుస్తకాల్లో బాగానే ఉంటుంది ఇదంతా. నేను పుల్‌డౌన్, పుల్‌అప్ చేసే బాగుపడ్డాను. నా ఒంటికంటే సాక్ష్యం ఏం కావాలి?

జిమ్_చిన్నా: మా జిమ్‌లో పోశ్చర్ బెల్టు అమ్మారు, 1,200 తీసుకున్నారు. పెట్టుకున్నంతసేపు బాగుంటుంది, తీస్తే మళ్లీ మామూలే.

పాత_కోచ్: బాబూ, చేయాల్సింది ఇది. వాలుగా పెట్టిన బెంచ్ మీద ఛాతీ ఆనించి డంబెల్స్‌తో రోయింగ్ చెయ్యి. మోచేతులు ఒంటికి అంటకూడదు, ఛాతీ ఎత్తులో పక్కలకి తెరుచుకుంటూ రావాలి. ఛాతీ ఆనించమనడానికి కారణం ఉంది. నిలబడి చేస్తే నడుము ఊపి బరువు లేపేస్తాం. పైన ఒక్క క్షణం ఆగలేకపోతున్నావంటే బరువు ఎక్కువైనట్టే. ఇంకోటి, మోచేయి ఒంటిని దాటి బాగా వెనక్కి పోతే భుజం గుండు ముందుకి తోసుకొస్తుంది. అద్దంలో పక్కనుంచి చూసుకో, కనిపిస్తుంది. అక్కడిదాకా లాగితే నువ్వు సరిచేయాలనుకున్న వంపునే సాధన చేస్తున్నట్టు.

వెనుక భుజానికి రివర్స్ పెక్ డెక్ గానీ, వంగి డంబెల్ ఫ్లై గానీ చాలు. 95 కిలోల బెంచ్ ఉన్నవాడికైనా ఫ్లైకి 4, 5 కిలోల డంబెల్స్‌తో 15 రెప్స్ సరిగ్గా చేయడమే గొప్ప. 12 కిలోలు పట్టుకుంటే మెడ కండరాలు, నడుమూ చేస్తాయి ఆ పని.

సుజాత_కాకినాడ: నేను ఫిజియోథెరపిస్టుని. కోచ్ గారు చెప్పినదాంట్లో వ్యాయామం వరకు ఒప్పుకుంటాను. కానీ కండరం బలపడినంత మాత్రాన ఊరికే నిలబడ్డప్పుడు భుజం దానంతటదే వెనక్కి పోదు. నిలబడ్డప్పుడు ఆ కండరాలు వాడేది వాటి బలంలో చాలా కొంచెమే. రోజుకి తొమ్మిది గంటలు ల్యాప్‌టాప్ మీదికి వంగితే వారానికి ఆరు సెట్ల ఫ్లై దాన్ని మార్చడం కష్టం. పైగా నొప్పి లేదంటున్నాడు. ముందుకు వంగిన భుజాలున్న చాలామందికి ఎప్పుడూ నొప్పి రాదు. ఫోటో చూసి భయపడాల్సిన పని లేదు.

వరంగల్_వాసు: ఒకరు పుల్‌డౌన్ పనికిరాదంటారు, ఒకరు అసలు వ్యాయామమే పనికిరాదంటారు. కుర్రాడు అడిగింది ఎన్ని సెట్లు అని! జవాబు చెప్పండి.

పాత_కోచ్: చెబుతాను. ముందు మీరొకటి చెప్పండి. ఆరేళ్ల క్రితం రెండింతలు లాగడం మొదలుపెట్టినప్పుడు బెంచ్ ఎన్ని సెట్లు చేసేవారు?

వరంగల్_వాసు: చేయలేదు. భుజం నొప్పికి డాక్టర్ అయిదు నెలలు మానేయమన్నారు.

పాత_కోచ్: మరి నొప్పి పోయింది లాగడం వల్లా, తోయడం ఆపడం వల్లా?

వరంగల్_వాసు: కోర్టులో నిలబెట్టినట్టు అడగకండి. ఆ అయిదు నెలల్లో నా బెంచ్ 110 నుంచి 70కి పడిపోయింది. మళ్లీ 110 చూడలేదు. పాతికేళ్ల కుర్రాడికి వచ్చిన బలాన్ని వదులుకోమని నేను చెప్పలేను. మీరు సులువుగా ‘తగ్గించు’ అంటారు, ఆ బాధ మీకు తెలియదు.

సుజాత_కాకినాడ: వాసు గారూ, ఇప్పుడు అర్థమైంది. మీరు వాదిస్తున్నది పుల్‌డౌన్ గురించి కాదు, బెంచ్ తగ్గించాలా వద్దా అని.

పాత_కోచ్: అలా అయితే మన మధ్య దూరం తక్కువే. నేను మానేయమనడం లేదు. బెంచ్ 12లో బరువైన 8 ఉంచితే బలం నిలుస్తుంది, 100కీ దారి మూసుకోదు. ఇంక్లైన్ 4, ఓవర్‌హెడ్ 4, డిప్స్ తీసేయాలి. భుజం ముందుభాగం మీద ఒత్తిడి పడేది అక్కడే ఎక్కువ. తోసేవి 27 నుంచి 16కి వచ్చాయి. దగ్గర పట్టు రోయింగ్ తీసి, ఛాతీ ఆనించి చేసేది 8, వెనుక భుజం 6, పుల్‌డౌన్ 6. మొత్తం 36 సెట్లు. ఇప్పుడు చేస్తున్న 40 కంటే తక్కువే. డిప్స్ బదులు చివర్లో రెండు సెట్లు పుష్‌అప్స్ వేసుకున్నా మంచిదే. బెంచ్ మీద రెక్క ఎముకలు నొక్కుకుపోతాయి, పుష్‌అప్‌లో అవి స్వేచ్ఛగా కదులుతాయి.

వరంగల్_వాసు: డిప్స్ తీయడం ఒప్పుకుంటాను. బెంచ్ 8 మాత్రం తక్కువ. 10 ఉంచాలి.

బెంచ్_బాబు: 10కే ఉంచుతాను వాసన్నా, రెండు నెలలు చూస్తాను. మారిందో లేదో ఫోటో కాకుండా ఎలా తెలుసుకోవాలి?

సుజాత_కాకినాడ: గట్టి నేల మీద వెల్లకిలా పడుకో, చేతులు పక్కన వదిలేసి. భుజం వెనుక అంచుకీ నేలకీ మధ్య ఎన్ని వేళ్లు పడతాయో ఇంట్లో ఎవరినైనా చూడమను. ఇంకొకరితో పోల్చడానికి ఈ కొలత పనికిరాదు, నీతో నిన్ను పోల్చుకోవడానికే. ప్రతిసారీ జిమ్ చేయని రోజు పొద్దున్నే చూడు. ఛాతీ వర్కౌట్ మర్నాడు చూస్తే బిగుసుకుపోయి ఎక్కువ చూపిస్తుంది. ల్యాప్‌టాప్ కింద నాలుగు పుస్తకాలు పెట్టి వేరే కీబోర్డు కొనుక్కో.

బెంచ్_బాబు: ఇప్పుడే అమ్మ చూసింది. కుడి వైపు మూడు వేళ్లు, ఎడమ వైపు రెండు. కుడి ఎందుకు ఎక్కువ?

పాత_కోచ్: మౌస్ ఏ చేత్తో పట్టుకుంటావు?

సుజాత_కాకినాడ: అదొక్కటే కారణమని నేననుకోను కోచ్ గారూ. కుడిచేతి వాటం వాళ్లలో ఆ మాత్రం తేడా మామూలే.