"జ్వలన ఉష్ణోగ్రత ఎక్కువ, కావున డీజిల్ సురక్షితం": ఈ వాక్యం సరేనా?

అనంతపురం టీచర్: మా అపార్ట్‌మెంట్ జనరేటర్ రూముకి బోర్డు రాసియ్యమన్నారు. "పెట్రోలు కన్నా డీజిలు జ్వలన ఉష్ణోగ్రత ఎక్కువ, కావున నిల్వకు సురక్షితం" అని రాసినా. 'కావున' ఉంచాల్నా, 'కాబట్టి' పెట్టాల్నా? ఇంకోటి, ఫ్లాష్ పాయింట్‌కి కూడా జ్వలన ఉష్ణోగ్రతే అనొచ్చా?

గుత్తి కుర్రోడు: ఫ్లాష్ పాయింట్ అంటే బంకులో మొబైల్ ఫ్లాష్ వేయకూడదంటారే, అదేనా మేడం?

కడప ల్యాబ్ మనిషి: కాదు నాయనా. మేడం, కావునకేం గాని, విషయమే తిరగబడింది. జ్వలన ఉష్ణోగ్రత అంటే నిప్పు చూపించకుండానే, ఉత్త వేడికే తనంతట తాను అంటుకునే వేడి. అది పెట్రోలుకి సుమారు 250 నుంచి 280 డిగ్రీలు, డీజిలుకి 210 చుట్టుపక్కల. అంటే డీజిలుకే తక్కువ!

ఆదోని మెకానిక్: అట్లెట్లన్నా? డీజిల్ మొండిది, దానికి వేడి ఎక్కువ కావాల, అందుకే కదా ఇంజన్లో అంత కంప్రెషన్ పెట్టేది.

కడప ల్యాబ్ మనిషి: కంప్రెషన్ మాట కరెక్టే అన్నా, కారణమే వేరే. డీజిల్ ఇంజన్లో స్పార్క్ ప్లగ్గు లేదు కదా, గాలిని నొక్కితే పుట్టే వేడికే డీజిలు అంటుకోవాల, అంటుకుంటది కూడా. పెట్రోలు అట్ల తనంతట తాను పేలితే నాకింగ్ అని తిడతాం. ఇంట్లో పెట్టుకునేదానికి చూడాల్సింది ఫ్లాష్ పాయింట్. మేం ల్యాబులో ఏం చేస్తామంటే చిన్న గిన్నెలో నూనె పోసి మూతపెట్టి మెల్లగా వేడి చేస్తూ, డిగ్రీకోసారి మూత సందు తెరిచి గోరంత మంట లోపలికి వంచుతాం, మొదట ఏమీ కాదు, ఒక వేడి దగ్గర నీలంగా ఒక్క మెరుపు మెరిసి ఆరిపోతది, అదే ఫ్లాష్ పాయింట్. మండేది నూనె కాదు, దాని మీద లేచిన ఆవిరి, అది కూడా ఒక్క మెరుపుకి సరిపోయేంతే. పెట్రోలుకి ఇది సున్నాకి కింద 40 దగ్గర, అంటే మన దగ్గర సంక్రాంతి చలిలో కూడా మూత తీస్తే చాలు ఆవిరి రెడీ. పైగా అది గాలికన్నా బరువు, నేలమీద పారుకుంటూ పోయి పక్కరూములో స్టవ్వుని వెతుక్కుంటది. డీజిలుకి మన దేశం లెక్క ప్రకారం కనీసం 35 ఉండాల, వచ్చే సరుకు మామూలుగా దానికంటే పైనే ఉంటది.

పత్తికొండ రైతు: 35 అంటే మా ఊర్లో ఏప్రిల్‌కే దాటిపోతాది కదప్పా! ట్రాక్టర్‌కని రేకుల రూములో రెండు క్యాన్లు పెట్టినా. అందులో ఒకటి ముందు పెట్రోలు పోసిన క్యానే.

కడప ల్యాబ్ మనిషి: మీరు అడిగిందే అసలు సంగతి. 35 అనేది కనీసం మాత్రమే, మీ క్యాన్లో సరుకుకి నిజంగా ఎంతో టెస్ట్ చేస్తే గాని చెప్పలేం. కాబట్టి డీజిలు సేఫ్ అని మే నెలలో రేకుల కింద ధీమాగా ఉండకండి, నీడకి మార్చండి. ఆ రెండో క్యాన్ అయితే వాడొద్దు. అడుగున కొంచెం పెట్రోలు మిగిలినా ఫ్లాష్ పాయింట్ బాగా పడిపోతది, అప్పుడది పేరుకే డీజిలు. మూత తీస్తే పెట్రోలు ఘాటు కొట్టిందంటే అదే గుర్తు, కొట్టకపోతే మాత్రం బాగుందని కాదు.

ఆదోని మెకానిక్: ఇప్పుడర్థమయింది. జనరేటర్ పైపు లీకై సైలెన్సర్ మీద కారితే భగ్గుమనేది నేను చూసినా, నిప్పు ఎక్కడిదా అనుకుంటాంటి.

కడప ల్యాబ్ మనిషి: అదే జ్వలన ఉష్ణోగ్రత పని. ఆరుబయట కాబట్టి 210 తగిలిన వెంటనే అంటుకోదు, ఇంకా ఎక్కువ కావాల, కానీ లోడ్ మీదున్న సైలెన్సర్‌కి అదేం పెద్ద లెక్క కాదు. డీజిలు తడిసిన గుడ్డలూ అంతే, ఒత్తి లాగా పనిచేస్తాయి, ఫ్లాష్ పాయింట్ ఎక్కువన్న ధీమా అక్కడ పనికిరాదు.

కర్నూలు లాయర్: చట్టంలో కూడా తేడా ఉంది. ఫ్లాష్ పాయింట్ 23 కింద ఉంటే క్లాస్ ఎ, 23 నుంచి 65 లోపు క్లాస్ బి. అమ్మకానికి కాకుంటే పెట్రోలు 30 లీటర్ల దాకా లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చు, అది కూడా పాత్రల షరతులతో. డీజిలు లాంటి క్లాస్ బి సరుకు అయితే 2500 దాకా, ఏ ఒక్క పాత్రా 1000 దాటకూడదు. అపార్ట్‌మెంట్ వాళ్ళకి సొసైటీ రూల్స్ వేరే.

అనంతపురం టీచర్: మరి తెలుగులో ఫ్లాష్ పాయింట్‌ని ఏమనాల? 'మెరుపు స్థానం' అంటే పిడుగు పడే చోటనుకుంటారు.

కడప ల్యాబ్ మనిషి: 'ఆవిరి అంటుకునే వేడి' అనండి.

కర్నూలు లాయర్: బాగుంది గాని బోర్డుకి పొడుగు. నేనైతే ఫ్లాష్ పాయింట్ అనే ఉంచుతా.

అనంతపురం టీచర్: సరే, "డీజిలు ఆవిరి పెట్రోలంత తొందరగా అంటుకోదు. సైలెన్సర్ దగ్గర క్యాన్లు, నూనె గుడ్డలు పెట్టరాదు" అని మారుస్తా. 'కావున' తీసేసినా.

ఆదోని మెకానిక్: 'పెట్టరాదు' కాదు మేడం, 'పెట్టొద్దు' అని రాయండి, వాచ్‌మెన్ చదవాల కదా.