అమ్మకం పెరగకుండా లాభం పెరుగుతుందా? అబ్సార్ప్షన్, మార్జినల్ కాస్టింగ్‌లపై చర్చ

సుమతి: మా యూనిట్ ఈ ఏడాది 12,000 వస్తువులు తయారుచేసి 10,000 అమ్మింది. అమ్మకం ధర 180, ఒక్కో వస్తువుకు చర వ్యయం 100, ఫ్యాక్టరీ స్థిర వ్యయం 6 లక్షలు. ప్రారంభ సరుకు లేదు. స్థిర వ్యయాన్ని కూడా వస్తువులకు పంచే అబ్సార్ప్షన్ పద్ధతిలో లాభం 3 లక్షలు, పంచకుండా ఆ ఏడాదే రాసేసే మార్జినల్‌లో 2 లక్షలు వస్తోంది. ఒకే వ్యాపారానికి రెండు లాభాలేమిటి? ఏది నమ్మాలి?

భాస్కర్: ఆ తేడా లక్ష మీ గోదాములోనే ఉందండీ. 6 లక్షలను 12,000 వస్తువులకు పంచితే ఒక్కోదానికి 50 పడుతుంది. అమ్ముడుపోని 2,000 వస్తువుల విలువలో ఆ 50 కూడా కలిసి ఉంది కాబట్టి, అబ్సార్ప్షన్ లెక్కలో లక్ష ఖర్చు ఈ ఏడాది లాభాన్ని తాకకుండా ముగింపు సరుకుతో వచ్చే ఏడాదికి వెళ్లిపోయింది. మార్జినల్ పద్ధతి సరుకుకు 100 మాత్రమే కట్టి, 6 లక్షలనూ ఈ ఏడాదే రాసేస్తుంది. రెండింటిలోనూ కూడికలు సరిగ్గానే ఉన్నాయి.

రమణమూర్తి: అంటే అబ్సార్ప్షన్ ఎప్పుడూ లాభాన్ని ఉబ్బించి చూపుతుందన్నమాట. మార్జినలే నిజాయితీగల లెక్క.

భాస్కర్: "ఎప్పుడూ" అనకండి. వచ్చే ఏడాది 10,000 తయారుచేసి 12,000 అమ్మారనుకుందాం, ధరలూ ఖర్చులూ ఇవే. మార్జినల్‌లో అమ్మకాల్లోంచి చర వ్యయం పోగా మిగిలే కంట్రిబ్యూషన్ 9.6 లక్షలు, అందులోంచి 6 లక్షలు పోతే 3.6 లక్షల లాభం. అబ్సార్ప్షన్‌లో ఆ ఏడాది 6 లక్షలతో పాటు పాత సరుకులో దాగిన లక్ష కూడా బయటికి వస్తుంది, లాభం 2.6 లక్షలే. రెండేళ్లు కలిపితే అటూ ఇటూ 5.6 లక్షలే.

నాగమణి: మాకు మొన్న 130కి ఒక పెద్ద ఆర్డరు వచ్చింది. స్థిర వ్యయంతో కలిపి 150 పడుతుంది, నష్టమని అకౌంట్స్ వాళ్లు వద్దన్నారు. ఇప్పుడు చూస్తే చర వ్యయం 100 పోగా వస్తువుకు 30 మిగిలేది కదా!

భాస్కర్: నాగమణి గారూ, అది వేరే ప్రశ్న. ఖాళీ సామర్థ్యం ఉండి, మిగతా కొనుగోలుదారులు కూడా ధర తగ్గించమని అడగకపోతే మీ మాట నిజమే. సుమతి గారు అడిగింది లాభం ఏ ఏడాదిలో పడుతుందన్నది.

వనజ: అసలు ప్రమాదం ఎవరూ చెప్పడం లేదు. నేను ఇంతకుముందు పనిచేసిన చోట మేనేజరు బోనస్ అబ్సార్ప్షన్ లాభం మీద ఆధారపడి ఉండేది. ఆర్డర్లు లేకపోయినా మార్చి చివరిదాకా యంత్రాలు ఆగేవి కావు. సుమతి గారి అంకెలతోనే చూడండి. అమ్మకం 10,000 దగ్గరే ఉంచి 15,000 తయారుచేస్తే స్థిర వ్యయం వస్తువుకు 40కి దిగుతుంది, లాభం 4 లక్షలవుతుంది. అదనంగా ఒక్క వస్తువూ అమ్మలేదు. పైగా చర వ్యయం కింద మరో 3 లక్షల నగదు సరుకులో ఇరుక్కుంది. నగదు తగ్గుతూ, సరుకు పెరుగుతూ, లాభం ఎక్కుతుంటే నేను ముందు గోదాముకు వెళ్తాను.

శ్రీధర్: సరుకు విలువ కట్టడంపై ఉన్న అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ఐఏఎస్ 2 దీన్ని అడ్డుకుంటుంది. స్థిర ఓవర్‌హెడ్‌ను, అంటే ఫ్యాక్టరీ స్థిర వ్యయాన్ని, మామూలుగా ఎన్ని తయారవుతాయో ఆ సాధారణ సామర్థ్యం ఆధారంగానే పంచాలి. 15,000 చేసినా ఆటలు సాగవు.

భాస్కర్: సగమే నిజం శ్రీధర్ గారూ. ఉత్పత్తి సాధారణం కంటే పడిపోయినప్పుడు మిగిలిపోయిన ఓవర్‌హెడ్‌ను సరుకులోకి ఎక్కించకుండా ఆ ఏడాదే ఖర్చు రాయాలి, అక్కడ ఆ నియమం గట్టిగా పనిచేస్తుంది. అసాధారణంగా పెరిగినప్పుడు మాత్రం వస్తువుకు పడే వాటాను తగ్గించమంటుంది, అంటే 50 బదులు 40. సరుకు వాస్తవ ఖర్చును మించకుండా అది కాపాడుతుంది కానీ, వనజ గారు చూపిన 4 లక్షల లాభం అలాగే నిలుస్తుంది.

రమణమూర్తి: చూశారా, నేనన్నదే!

భాస్కర్: మరి సీజన్ సరుకు చేసేవారి సంగతి? ఆర్నెల్లు అమ్మకం లేకుండా 12,000 తయారుచేసి నిల్వ పెడతారు. ఆ ఆర్నెల్ల స్థిర వ్యయం 6 లక్షలైతే మార్జినల్ నివేదిక 6 లక్షల నష్టం చూపిస్తుంది, అబ్సార్ప్షన్ సున్నా చూపిస్తుంది. ఆ సరుకు సీజన్‌లో అమ్ముడుపోవడం ఖాయమైతే, నష్టమనడం నాకు సబబుగా తోచదు.

వనజ: ఖాయమని ఎవరు చెప్పాలి? తయారుచేసినవారేగా. అమ్మితే నికరంగా 150 కూడా రాదని తేలినరోజు, దాని విలువ తగ్గించి నష్టం రాయాల్సిందే. ఆ అంచనా ఎవరు వేస్తారో తేలనిదే ఆ సున్నాను నేను నమ్మను. బయటి నివేదికకు అబ్సార్ప్షన్ తప్పదు, బోనస్ లెక్కకు మాత్రం మార్జినలే పెట్టాలంటాను.

సుమతి: మా దగ్గర ఆ 2,000లో 1,400కు ఇప్పటికే ఆర్డర్లున్నాయి. మిగతా 600 గురించి రేపు సేల్స్ వారిని అడుగుతాను.