ఫేర్‌వెల్ స్పీచ్‌లో నవ్వుల నుంచి థాంక్స్‌కి ఎలా రావాలి?

మాది వైజాగ్, నేను తొమ్మిదో తరగతి. మార్చిలో పబ్లిక్ పరీక్షలు కాబట్టి టెన్త్ వాళ్లకి ఈ నెలలోనే ఫేర్‌వెల్ పెడుతున్నాం, జూనియర్ల తరఫున నాలుగు నిమిషాలు నేను మాట్లాడాలి.

నవ్వించే భాగం రాసేశాను. గాజువాక నుంచి వచ్చే ఒక అన్నయ్య రోజూ ప్రేయర్ అయ్యాకే గేటు దగ్గర కనిపించి "ఎన్ఏడీ దగ్గర ట్రాఫిక్ సార్" అనేవాడు, ఆదివారం ఆర్కే బీచ్‌లో క్రికెట్‌కి మాత్రం అందరికంటే ముందు ఉండేవాడు. అన్నయ్యని ముందే అడిగాను, చెప్పుకోమన్నాడు. మార్కుల మీద, రూపం మీద జోకులు మాత్రం తీసేశాను, హాల్లో వాళ్ల అమ్మానాన్నలు కూడా ఉంటారు కదా.

ఇబ్బంది ఆ తర్వాతే. లెక్కల పరీక్షకి ముందు అదే అన్నయ్య రోజూ లంచ్‌లో మా క్లాసుకొచ్చి బహుపదులు బోర్డు మీద వేసి చెప్పాడు, మాలో చాలామంది గట్టెక్కింది అందువల్లే, ఆ మాట మనస్ఫూర్తిగా చెప్పాలి. "జోకులు పక్కన పెడితే" అని మొదలుపెడితే అతికించినట్టుంది. "ప్రేయర్‌కి లేటైన అన్నయ్య మా క్లాసుకి ఒక్కరోజూ లేటవలేదు" అని తిప్పితే బాగుంటుందా? నవ్వులు ఆగేదాకా ఆగి చెప్పాలా, వెంటనే చెప్పాలా? ఒక్కరి గురించే ఇంత చెబితే మిగతా అక్కలు, అన్నయ్యలు నొచ్చుకుంటారా? స్టేజీ మీద మాట్లాడిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి ప్లీజ్.