సైట్ వదిలి వెళ్తున్నాను: చార్జ్ అప్పగించే లెటర్‌లో పెండింగ్ విషయాలు ఎలా రాయాలి?

కృష్ణాతీరం

అందరికీ నమస్కారం. విజయవాడ దగ్గర ఒక అపార్ట్‌మెంట్ పనికి రెండేళ్లుగా ప్రాజెక్ట్ మేనేజర్‌గా ఉన్నాను. స్టిల్ట్, దాని మీద ఐదు అంతస్తులు, రెండు బ్లాకులు. నవంబర్ 30 నా ఆఖరి రోజు. నా స్థానంలో వచ్చే ఆయన డిసెంబర్ 4న చేరతారు. ఇద్దరం కలిసి సైట్ తిరిగే అవకాశమే లేదు. చెప్పాల్సిందంతా లెటర్‌లోనే చెప్పాలి. పెండింగ్ విషయాల దగ్గర నేను రాసుకున్నది ఇది:

1. బి బ్లాక్ మూడో అంతస్తు కాలమ్ క్యూబులు: 28 రోజుల ఫలితం రావాలి.
2. ఎ బ్లాక్ లిఫ్ట్ కంపెనీ: ఓనర్ గారి దగ్గర పెండింగ్.
3. కాంపౌండ్ వాల్ ఎక్స్‌ట్రా పని: చర్చలో ఉంది.
4. కాంట్రాక్టర్ బ్యాంక్ గ్యారంటీ: ఫైల్‌లో ఉంది.

రాసినదాంట్లో అబద్ధం లేదు. కానీ నేనే కొత్తగా వచ్చి ఇది చదివితే ఏం చేయాలో అర్థం కాదనిపిస్తోంది. ఎలా మార్చాలి?

బెజవాడ_బుల్లోడు

మేడమ్, రిలీవింగ్ లెటర్ చేతికి వచ్చేదాకా ఏమీ రాసివ్వకండి. మా అన్నకి పాత కంపెనీ రెండు నెలల జీతం ఆపేసింది. ముందు ఫైనల్ సెటిల్‌మెంట్ సంగతి తేల్చుకోండి.

కృష్ణాతీరం

మీ అన్నయ్య విషయం విని బాధగా ఉంది తమ్ముడూ. నాకు ఆ ఇబ్బంది లేదు, నేను అడిగింది పని అప్పగింత గురించి.

పాతసైటు

అమ్మా, మొదటి అంశం దగ్గర ఆగిపోయాను. ఆ కాలమ్స్ ఎప్పుడు పోశారు? ఏ గ్రేడు, ఏ సిమెంటు? వాటి మీద స్లాబ్ ఎప్పుడు పోయాలని ప్లాన్?

కృష్ణాతీరం

నవంబర్ 14న పోశాం. ఎం25, పీపీసీ సిమెంటు. 21న ఏడు రోజుల క్యూబులు పగలగొడితే సగటు 14.2 వచ్చింది. పై స్లాబ్ డిసెంబర్ 6న ప్లాన్.

పాతసైటు

చూశారా, అసలు విషయం మీ లెటర్‌లో లేదు. 14న పోసిన కాంక్రీటుకి 28 రోజులు నిండేది డిసెంబర్ 12న. స్లాబ్ 6న. కొత్తాయన 4న వస్తారు. రెండు రోజుల్లో సెంట్రింగ్, స్టీలు సిద్ధంగా ఉంటాయి, రెడీమిక్స్ బుక్ అయి ఉంటుంది. మీరు “ఫలితం రావాలి” అన్నారు కాబట్టి, వచ్చినప్పుడు చూద్దాంలే అని ఆయన స్లాబ్ పోయించేస్తారు. తప్పు ఆయనది కాదు.

ఎం25కి ఏడు రోజులకి మామూలుగా మూడింట రెండు వంతుల బలం, అంటే 16 పైన రావాలని చూస్తాం. పీపీసీ మొదట్లో నెమ్మదిగా గట్టిపడుతుంది కాబట్టి 14.2 చూసి భయపడక్కర్లేదు. అలాగని ధీమాగానూ ఉండలేం. మీరు “ఫలితం రావాలి” అని రాసినదాని లోపల ఒక నిర్ణయం దాగి ఉంది: ఫలితం రాకముందే పైన బరువు వేయాలా, వారం ఆగాలా? అది తేల్చాల్సింది స్ట్రక్చరల్ ఇంజినీరు. ఆ ప్రశ్న ఆయనకి మీరు వెళ్లేలోపే లెటర్‌గా పంపండి. జవాబు వచ్చేదాకా స్లాబ్ ఆపాలని హ్యాండోవర్‌లో రాయండి.

ఫలితం తక్కువ వస్తే ఏం చేయాలో కూడా ఒక వాక్యం ఉండాలి. ముందు రీబౌండ్ హ్యామర్‌తో చూడటం, అనుమానం తీరకపోతే కోర్ తీయించడం. ఐఎస్ 456 ప్రకారం కోర్‌ల సగటు ఆ గ్రేడు బలంలో 85 శాతం ఉండాలి, ఏ ఒక్కటీ 75 శాతం కంటే తగ్గకూడదు. ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలో మీ కాంట్రాక్టులో ఏముందో చూసి రాయండి.

మాదాపూర్_పీఎం

నాది సాఫ్ట్‌వేర్. నేను మారినప్పుడు మెయిల్స్ అన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టి, నలభై పేజీల డాక్యుమెంట్ ఇచ్చాను. ఏదీ వదలకుండా రాసేయండి, వాళ్లే వెతుక్కుంటారు.

పాతసైటు

ఫోల్డర్ ఇవ్వడం మంచిదే బాబూ. కానీ 4న చేరి 6న స్లాబ్ పోయాల్సిన మనిషి నలభై పేజీలు ఎప్పుడు చదువుతాడు? మొదటి పేజీలో తేదీల వారీగా రాయాలి. ఏ తేదీకి ఏ నిర్ణయం కావాలి, ఎవరు చెప్పాలి, ఎవరూ చెప్పకపోతే సైట్లో ఏం జరిగిపోతుంది. ఈ మూడో మాటే చాలామంది రాయరు.

లిఫ్ట్ సంగతీ అంతే. షాఫ్ట్ పై స్లాబ్ ఎప్పుడు?

కృష్ణాతీరం

డిసెంబర్ 20న. రెండు కంపెనీల కొటేషన్లు ఓనర్ గారి దగ్గర ఉన్నాయి. గుంత ఇద్దరికీ సరిపోయేలా ముందే కట్టాం. పైన ఓవర్‌హెడ్ ఎత్తులో మాత్రం తేడా ఉంది.

పాతసైటు

అయితే ఓనర్ గారు చెప్పకపోయినా 20న స్లాబే ఆ నిర్ణయం తీసేసుకుంటుంది. తక్కువ ఎత్తులో పోస్తే ఒక కంపెనీ పోయినట్టే. షట్టరింగ్ ఎత్తు మార్చడానికి పది రోజులు వేసుకుని, “10వ తేదీలోపు చెప్పకపోతే ఎక్కువ ఎత్తు అడిగిన డ్రాయింగ్ ప్రకారం పోయాలని నా సూచన, ఓనర్ ఆమోదం తీసుకోవాలి” అని రాయండి. ఎక్కువ ఎత్తులో రెండోదీ బిగించుకోవచ్చేమో ఆ కంపెనీతో రాతపూర్వకంగా అడిగి, పైన హుక్కులు ఎక్కడ పెట్టాలో కూడా తెలుసుకోండి.

కృష్ణాతీరం

కాంపౌండ్ వాల్ నాకు నిజంగా టెన్షన్. తూర్పు వైపు పూడ్చిన నేల వచ్చింది, గట్టి నేల కోసం మూడడుగులు అదనంగా తవ్వాం. ఓనర్ గారు సైట్లో నిలబడి “చేసేయండి, తర్వాత చూద్దాం” అన్నారు. పని అయిపోయింది, మట్టి కప్పేశాం. జాయింట్ కొలతలు తీసుకోలేదు, ఆ తప్పు నాదే. ఇప్పుడు కాంట్రాక్టర్ బిల్లు పెట్టారు.

లెక్కలమాస్టారు

నోటిమాటలు లెటర్‌లో పెట్టకండి. ఆయన అనలేదంటే మీ మీదకే వస్తుంది. కాగితం ఉన్నదే రాయాలి.

పాతసైటు

సగం ఒప్పుకుంటాను మాస్టారూ. ఓనర్ ఆమోదించారు అని రాయకూడదు. కానీ ఆ మాట జరిగిందనే సంగతి వదిలేస్తే, కొత్తాయన కాగితం లేదు కదా అని బిల్లు కొట్టేస్తారు. పని చేసిన కాంట్రాక్టర్ నష్టపోతాడు, రేపు సైట్ ఆగుతుంది. అమ్మా, మీరు ఉండగానే ఓనర్ గారికి మెయిల్ పెట్టండి: ఫలానా తేదీన సైట్లో మీరు ఇలా చెప్పారు, పని జరిగింది, ధృవీకరించగలరు అని. జవాబు వచ్చినా రాకపోయినా ఆ మెయిల్ జత చేయండి. లోతు కోసం ఫొటోలు, ఆ రోజుల కాంక్రీటు చలాన్లు తీయండి. ఒకటి రెండు చోట్ల మట్టి తీసి ఓనర్, కాంట్రాక్టర్, మీరు ముగ్గురూ కలిసి కొలవచ్చు. రేటు మాత్రం మీరు ఒప్పుకోకండి, అది తేలలేదని అలాగే రాయండి.

లెక్కలమాస్టారు

మెయిల్ ముందు పెడితే సరే. బ్యాంక్ గ్యారంటీ గడువు ఎప్పుడు? ఫైల్‌లో ఉంటే సరిపోదు, గడువు దాటితే దాని మీద క్లెయిమ్ చేయలేరు.

కృష్ణాతీరం

జనవరి 15. పని అప్పటికి పూర్తవదు. ఈ వారమే పొడిగింపు అడుగుతూ కాంట్రాక్టర్‌కి లెటర్ ఇస్తాను. క్లెయిమ్ చేయడానికి వేరే తేదీ ఉందేమో అసలు కాపీలో చూస్తాను.

మొదటి అంశం ఇప్పుడు ఇలా రాశాను: “బి బ్లాక్ మూడో అంతస్తు కాలమ్స్ నవంబర్ 14న పోశాం. ఏడు రోజుల సగటు 14.2. 28 రోజుల పరీక్ష డిసెంబర్ 12న. పై స్లాబ్ 6న ప్లాన్‌లో ఉంది, కానీ స్ట్రక్చరల్ ఇంజినీరు రాతపూర్వకంగా ఒప్పుకోకుండా పోయించవద్దు. ఆయనకి నవంబర్ 24న లెటర్ పంపాను, జవాబు ఇంకా రాలేదు. రెడీమిక్స్ బుకింగ్ 5వ తేదీ ఉదయంలోపు వాయిదా వేయవచ్చు.”

పాతసైటు

బాగుంది. వాయిదాకి ఎవరికి ఫోన్ చేయాలో కూడా పెట్టండి.

కృష్ణాతీరం

పెడతాను. ఇంకొకటి అండీ, ఈ లెటర్ కాపీ ఓనర్ గారికి కూడా ఇవ్వాలా? కాంపౌండ్ వాల్ సంగతి చదివితే ఆయన నొచ్చుకుంటారేమో.

లెక్కలమాస్టారు

ఇవ్వకండి. అది మీ ఇద్దరు మేనేజర్ల మధ్య కాగితం.

పాతసైటు

నేనైతే ఇస్తాను. ఆయన తీసుకోవాల్సిన నిర్ణయాలే అందులో రెండున్నాయి కదా.