లిప్‌స్టిక్ ప్రీ-ఆర్డర్లు ఎప్పుడు తెరవాలి?

మాది చిన్న బ్రాండ్. కొత్తగా ఇటుక ఎరుపు షేడ్ తెస్తున్నాం. 40 డిగ్రీల వేడిలో 12 వారాల స్టెబిలిటీ టెస్ట్ పెట్టాం. నాలుగో వారానికి స్టిక్ మీద సన్నటి నూనె చుక్కలు కనిపించాయి. తుడిస్తే పోయాయి, రంగేమీ మారలేదు. మైనం పాళ్లు కొంచెం పెంచుదామని ఫార్ములేటర్ అంటున్నారు. పెంచితే టెస్ట్ మళ్లీ మొదటి నుంచే కదా?

ఈలోగా ఫొటోలు చూసినవాళ్లు ఆర్డర్లు ఎప్పుడని అడుగుతున్నారు (ముందే పెట్టడం నా తొందరే). ఇప్పుడే డబ్బు తీసుకుని నాలుగు నెలల గడువు చెప్పాలా? లేక పేర్లు మాత్రం రాసుకుని, పెద్ద బ్యాచ్ రంగు శాంపిల్‌తో సరిపోయాక తెరవాలా? పోయినసారి తేదీ తప్పి రీఫండ్లు ఇచ్చిన టెన్షన్ ఇంకా పోలేదు. ఇలాంటి పరిస్థితిలో మీరేం చేశారు?